గోడకు అంటించిన సమన్లు, తెలియకుండా అయిపోయిన డిక్రీ

ప్రశ్న: సార్, మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. 2019 నుంచి భార్యాపిల్లలతో హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఊళ్లో మా ఇల్లు తాళం వేసి ఉంటుంది, పక్కింట్లో అన్నయ్య వాళ్లుంటారు. ఈ జూన్ 9న (2025) ఊరెళ్తే తలుపుకి ఇ.పి. నోటీసు, అంటే డిక్రీ అమలు చేయించమని వేసిన పిటిషన్ నోటీసు, అంటించి ఉంది. నా మీద ప్రామిసరీ నోటు దావా వేశారనీ, 2022 నవంబర్ 14న నేను హాజరు కాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ కూడా అయిపోయిందనీ అప్పుడే తెలిసింది. వడ్డీతో కలిపి ఆరు లక్షలు దాటింది. అందులో మూడు లక్షలు నేను అప్పిచ్చినాయన బ్యాంకు ఖాతాకే పంపాను. దాచకుండా ఒక మాట చెప్తాను. 2022లో అన్నయ్య ఫోన్ చేసి, 'మీ గోడకి ఏదో కోర్టు కాగితం అంటించి పోయార్రా' అన్నాడు. వానకి అది తడిసి ఊడిపోయిందట. నేను పట్టించుకోలేదు. నా ఆధార్‌లో ఇంకా ఊరి అడ్రసే ఉంది. డిక్రీ కొట్టేయించుకోవచ్చా? ఆ ఫోన్ సంగతి చెప్పకపోతే మంచిదా? ఇ.పి. వాయిదా జులై 14న ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు తేదీ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు జులై 14 మీద దృష్టి పెట్టారు, మీకు ముఖ్యమైన తేదీ అంతకంటే ముందే ఉంది. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేయాలి. దానికి లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ 30 రోజులే గడువిచ్చింది. మామూలుగా ఆ 30 రోజులు డిక్రీ తేదీ నుంచి నడుస్తాయి. సమన్లు సరిగా అందకపోతే మాత్రం డిక్రీ సంగతి మీకు తెలిసిన రోజు నుంచి నడుస్తాయి. మీకు తెలిసింది జూన్ 9న. ఆ రోజు వదిలేసి లెక్కపెడితే జులై 9తో గడువు అయిపోతుంది. ఇ.పి. వాయిదాకి వెళ్లి అక్కడ మాట్లాడదాంలే అనుకుంటే ఐదు రోజులు ఆలస్యమైపోతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పీలు వేసేవాళ్లకి సర్టిఫైడ్ కాపీ రావడానికి పట్టిన రోజులను గడువులోంచి తీసేస్తారు. రూల్ 13 పిటిషన్‌కి ఆ సౌకర్యం లేదు. కాబట్టి కాపీల కోసం ఆగకండి. కాపీ అప్లికేషన్ ఈ వారమే పెట్టించండి, అవి వచ్చినా రాకపోయినా జూన్ నెలాఖరుకల్లా పిటిషన్ కోర్టులో పడాలి. కాపీలు తర్వాత దాఖలు చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మీకు కాగితం అందలేదు అన్నది ఒక్కటే చాలదు. కోర్టు రికార్డులో ఏం రాసి ఉంది అన్నదే మీ కేసును నిలబెట్టేది, పడగొట్టేది. అందుకని మీ లాయరుగారి చేత ఆ దావా బండిల్ మొత్తం తనిఖీ చేయించండి. దావా ప్రతి, తీర్పు, డిక్రీ మాత్రమే కాదు, ప్రతి వాయిదాకూ ఏం జరిగిందో రాసే డాకెట్ షీటు, సమన్ల అసలు ప్రతి, దాని వెనక కోర్టు అమీను రాసిన రిపోర్టు, పోస్టులో పంపి ఉంటే తిరిగొచ్చిన కవరు, వీటన్నింటికీ కాపీలు అడగాలి. చాలామంది తీర్పు, డిక్రీ కాపీలు తీసుకుని వచ్చేస్తారు. మీ వాదనకు ప్రాణం అమీను రిపోర్టులో ఉంటుంది. కేసు నంబరు ఇ.పి. నోటీసు మీదే ఉంటుంది. దాంతో eCourts Services యాప్‌లో వాయిదాల వరస ముందుగానే ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక దేని కోసం వెతకాలో చెప్తాను. సమన్లు వీలైనంతవరకు మనిషి చేతికే ఇవ్వాలన్నది చట్టం. ఆ మనిషి ఆ సమయానికి ఇంట్లో లేక, త్వరలో దొరికే అవకాశమూ లేక, అతని తరఫున తీసుకునే ఏజెంటూ లేకపోతే, అతనితో కలిసి ఉంటున్న, మేజరైన కుటుంబ సభ్యులకు ఇవ్వొచ్చు. కలిసి ఉంటున్న అనే మాట మీకు పనికొస్తుంది. పక్కింట్లో వేరే కాపురం ఉంటున్న అన్నయ్య ఆ కిందకు రాడు. గోడకు అంటించడం చివరి మార్గం, అది ఆర్డర్ 5 రూల్ 17. తగినంత శ్రద్ధగా వెతికినా మనిషి దొరకనప్పుడే అంటించాలి. అదీ అతను మామూలుగా నివాసం ఉండే ఇంటికి గానీ, వ్యాపారమో ఉద్యోగమో చేసుకునే చోట గానీ. అంటించాక అమీను మూడు సంగతులు రాయాలి: కాగితం అంటించానని, ఏ పరిస్థితుల్లో అంటించాడో, ఆ ఇల్లు ఫలానా వాళ్లదని చూపించి అంటిస్తుంటే దగ్గరున్న మనిషి పేరూ అడ్రసూ.

నేను చూసిన కేసుల్లో ఎక్కువ పడిపోయేది ఈ మూడో దగ్గరే. రిపోర్టులో 'ఇల్లు తాళం వేసి ఉన్నది, తలుపునకు అంటించితిని' అని ఒక్క వాక్యం ఉంటుంది. ఎన్నిసార్లు వెళ్లాడు, ఎవరిని అడిగాడు, ఇల్లు ఎవరు చూపించారు అనేవి ఉండవు. మీ రిపోర్టు అలాగే ఉంటే మీకు బలం. ఎందుకంటే పక్కింటి తలుపు తడితే మీ అన్నయ్య హైదరాబాద్ అడ్రసు చెప్పేవాడు. ఒక్క మాట అడగనివాడు తగినంత శ్రద్ధగా వెతికాడని ఎలా అంటారు? అడిగి ఉంటే ఆ విషయం రిపోర్టులో ఉండాలి కదా. ఈ పాయింటు అఫిడవిట్‌లో విడిగా ఒక పేరాగా రాయించండి.

దాని తర్వాత డాకెట్ చూడండి. అంటించిన రిపోర్టు వచ్చినప్పుడు, దానికి అమీను అఫిడవిట్ జతచేయకపోతే, కోర్టు అతన్ని ప్రమాణం మీద విచారించి తీరాలి. అఫిడవిట్ ఉంటే విచారించడం కోర్టు ఇష్టం. ఏదైనా సరే, సమన్లు సరిగా అందినట్టే అని కోర్టు ప్రకటించడమో, తనకు సబబనిపించిన విధంగా మళ్లీ సమన్లు పంపమనడమో చేయాలి. ఇది ఆర్డర్ 5లోనే రూల్ 19. 'అంటించారు, పిలిచితిమి, హాజరు లేరు, సెట్ ఎక్స్‌పార్టీ' అని ఒకే రోజు ముక్తసరిగా రాసి ఉంటే, ఆ ప్రకటన లేకపోవడం మీరు ఎత్తిచూపాల్సిన రెండో లోపం.

ఒకవేళ రిపోర్టు పకడ్బందీగా ఉందనుకోండి. రెండుసార్లు వెళ్లినట్టు, ఊళ్లో ఫలానా ఆయన ఇల్లు చూపించినట్టు, ఆయన సంతకంతో సహా ఉంటే మీ దారి కష్టమవుతుంది, కానీ మూసుకుపోదు. అప్పుడు మీరు ఆ ఇల్లు నేను నివాసం ఉండే ఇల్లే కాదు అన్నదాని మీద నిలబడాలి. అన్నట్టు, ఇప్పుడే అన్నయ్యను ఒక్క ప్రశ్న అడగండి. ఆ రోజు ఆయన ఏ కాగితం మీదైనా సంతకం పెట్టారా అని. సాక్షిగా మీ అన్నయ్య సంతకమే ఉండి, ఆ సంగతి మీ లాయరుకి కోర్టు హాల్లో తెలిస్తే చాలా ఇబ్బంది.

ఆధార్ గురించి. ఊరి అడ్రసుతో ఆధార్ ఉన్నంత మాత్రాన మీరు ఊళ్లో కాపురం ఉంటున్నట్టు కాదు. కానీ అవతలి లాయరు క్రాస్‌లో, అంటే మిమ్మల్ని ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, మొదట పట్టుకునేది దాన్నే. అందుకని వాళ్లు అడగకముందే మీరే చెప్పేయండి, ఆధార్ మార్పించుకోలేదు, నివాసం మాత్రం 2019 నుంచి ఇక్కడ అని. దానికి 2022 నాటి కాగితాలు కావాలి. ఇప్పుడు ఎక్కడున్నారన్నది కాదు, అమీను వచ్చిన నెలలో ఎక్కడున్నారన్నదే విషయం. అద్దె అగ్రిమెంటు, పిల్లల బడి ఫీజు రసీదులు, గ్యాస్ కనెక్షన్, ఆఫీసు వాళ్లిచ్చే సర్టిఫికెట్ లాంటివాటిలో ఆ సంవత్సరానివి రెండు మూడు చాలు.

అంతకంటే విలువైనది ఇంకోటి ఉంది. మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారని అప్పిచ్చినాయనకి తెలుసా? వాట్సాప్‌లో మీ ఫ్లాట్ లొకేషన్ పంపారా, ఆయన ఎప్పుడైనా ఇంటికొచ్చారా, దావాకు ముందు లాయర్ నోటీసు హైదరాబాద్ అడ్రసుకి పంపారా? తెలిసి కూడా దావాలో ఊరి అడ్రసు ఒక్కటే ఇచ్చారని చూపించగలిగితే, తాళం వేసిన ఇంటికి కాగితం పంపి డిక్రీ తెచ్చుకున్నారన్నది కోర్టుకు తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక మీరు అడగడానికి మొహమాటపడ్డ ఆ ఫోన్ సంగతి. దాచకండి. నీతి కోసమే చెప్పడం లేదు, మీ కేసు కోసం చెప్తున్నాను. నేను లాయరుగా కొత్తలో ఉన్నప్పుడు మా క్లయింటు ఒకాయన 'నాకు ఈ కేసు గురించి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు' అని అఫిడవిట్‌లో రాయించారు. క్రాస్‌లో అవతలి వాళ్లు ఆయన బావమరిది పేరెత్తి, ఫలానా రోజు ఆయన మీకు చెప్పలేదా అని అడిగారు. ఆయన తడబడ్డారు. ఆ తర్వాత నిజంగా నిజమైన మాటలు కూడా కోర్టు నమ్మలేదు, పిటిషన్ కొట్టేశారు. చెప్పి ఉంటే ఆ ఫోన్ వల్ల ఆయనకు అంత నష్టం జరిగేది కాదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఎందుకు జరిగేది కాదో చూడండి. రూల్ 13కి 1976 సవరణలో ఒక షరతు చేర్చారు. సమన్లు అందించడంలో లోపం ఉందన్న ఒక్క కారణంతో డిక్రీ రద్దు చేయకూడదు, ప్రతివాదికి వాయిదా తేదీ తెలిసి, హాజరై జవాబు చెప్పుకోవడానికి సరిపడా సమయం ఉంటే. అవతలి వాళ్లు మీ అన్నయ్య ఫోన్‌ను ఈ షరతు కిందకు తేవాలని చూస్తారు. అయితే సుశీల్ కుమార్ సభర్వాల్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఇదే షరతును వివరిస్తూ, చూడాల్సింది వాయిదా తేదీ తెలుసా అన్నదే తప్ప దావా నడుస్తోందని తెలుసా అన్నది కాదని తేల్చింది. మీ అన్నయ్య చెప్పింది 'ఏదో కోర్టు కాగితం' అని. ఏ కోర్టో, ఏ నంబరో, ఏ తేదీకి రమ్మన్నారో ఆయన చెప్పలేదు, ఆయనకే తెలియదు. అది వాయిదా తేదీ తెలియడం కాదు. అదే ఆయన కాగితాన్ని ఫోటో తీసి మీకు వాట్సాప్ చేసి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. కాబట్టి ఆ నెల మీ ఇద్దరి చాట్ ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి, మీ జ్ఞాపకం మీద ఆధారపడొద్దు.

ఆ ఫోన్ మీకు ఏ మాత్రం చెడు చేయదని కూడా నేను అనను. కోర్టు కాగితమని విన్నాక కనుక్కోవాల్సింది కదా అని జడ్జిగారు అడగొచ్చు. దానికి సూటిగా జవాబు రాయించండి: కాగితం తడిసి ఊడిపోయింది, అందులో ఏముందో అన్నయ్యకూ తెలియదు, బాకీలో మూడు లక్షలు బ్యాంకు ద్వారా కట్టి ఉన్నాను కాబట్టి నా మీద దావా వేస్తారని అనుకోలేదు, డిక్రీ సంగతి తెలిసిన వెంటనే మాత్రం ఒక్క రోజు వృథా చేయకుండా కోర్టుకొచ్చాను. ఈ చివరి మాట నిజం కావాలంటే జూన్ 9కీ పిటిషన్ వేసిన తేదీకీ మధ్య ఏం చేశారో తేదీలతో చెప్పగలగాలి. లాయరును కలిసింది, కాపీకి పెట్టింది, కాగితాలు పోగుచేసింది అన్నీ రాసి పెట్టుకోండి.

పిటిషన్ ఆ డిక్రీ ఇచ్చిన కోర్టులోనే, పాత దావా నంబరులో ఐ.ఏ.గా, అంటే ఆ దావాలోనే వేసే మధ్యంతర అర్జీగా, వేయాలి. ఒకటి కాదు, మూడు వేయమంటాను. మొదటిది రూల్ 13 కింద డిక్రీ రద్దుకి. రెండోది లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద జాప్యం మన్నించమని. తెలిసిన రోజు నుంచి గడువులోనే ఉన్నాం కదా, ఇదెందుకని మీకు అనిపిస్తుంది. సమన్లు సరిగానే అందాయని కోర్టు అనుకుంటే గడువు మళ్లీ 2022 నవంబర్ 14కి పోతుంది. అప్పుడు 30 రోజులు ఆ డిసెంబర్ 14తోనే అయిపోయినట్టు. మీరు 2025 జూన్ 30న వేస్తే 929 రోజుల జాప్యం ఉన్నట్టు. సెక్షన్ 5 పిటిషన్ లేకపోతే అక్కడితో కథ ముగుస్తుంది. అందుకని 'తెలిసిన తేదీ నుంచి గడువులోనే ఉన్నాం, కోర్టువారు అలా భావించని పక్షంలో 929 రోజుల జాప్యం మన్నించగలరు' అన్న వరసలో రాయించండి. జాప్యం ఉందని నేరుగా ఒప్పేసుకున్నట్టు రాస్తే మొదటి పిటిషన్‌కే దెబ్బ. మీ సంగతి గోడకు అంటించడం వరకే అయితే ఇంత జాగ్రత్త కావాలి. రికార్డులో పేపరు ప్రకటన కూడా కనిపిస్తే, అంటే ఆర్డర్ 5 రూల్ 20 కింద సమన్లు ఇచ్చినట్టుంటే, గడువు లెక్కకు అది సరిగా అందినట్టు కాదని 123వ ఆర్టికల్ వివరణలోనే ఉంది, కాబట్టి తెలిసిన రోజు నుంచే లెక్క.

మూడోది అమలు ఆపమని సెక్షన్ 151 కింద స్టే పిటిషన్. రూల్ 13 పిటిషన్ వేసినంత మాత్రాన ఇ.పి. ఆగదు. ఈ అపోహతోనే కొంతమంది ఇంటి మీద జప్తు దాకా తెచ్చుకుంటారు. మీకు నోటీసు రావడానికి కారణం కూడా ఇక్కడే చెప్తాను. డిక్రీ అయిన రెండేళ్ల తర్వాత ఇ.పి. వేస్తే ముందు నోటీసు ఇచ్చి తీరాలని ఆర్డర్ 21 రూల్ 22 అంటుంది. రెండేళ్ల లోపే వేసుంటే మీకు ఈ పాటి ముందస్తు కబురు కూడా ఉండేది కాదేమో. జులై 14న ఇ.పి.లో వకాలత్ వేసి, ఫలానా ఐ.ఏ.లు పెండింగ్‌లో ఉన్నాయని మెమో ఇచ్చి, కౌంటర్‌కి, అంటే ఇ.పి.కి మీ జవాబు వేయడానికి, టైమ్ అడగండి. కానీ సమన్లు అందలేదన్న వాదన అక్కడ చెప్పుకుని ఊరుకోవద్దు. ఇ.పి. వినే కోర్టు డిక్రీ వెనక్కి వెళ్లి అది తప్పా ఒప్పా అని చూడదు.

విచారణలో అవతలి వాళ్లకు నోటీసు వెళ్తుంది, వాళ్లు కౌంటర్ వేస్తారు. అఫిడవిట్ల మీదే తేల్చొచ్చు, సాక్ష్యం కూడా పెట్టొచ్చు. పెడితే మీరు, తర్వాత మీ అన్నయ్య. అమీను రిపోర్టులో రాసింది అబద్ధమని మీరంటుంటే అతన్ని కూడా సాక్షిగా పిలిపించమని అడగాలి. దావాకు జవాబు, అంటే రిటన్ స్టేట్‌మెంటు కూడా సిద్ధం చేసి పిటిషన్‌తోపాటే దాఖలు చేయండి. మూడు లక్షలు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు దానికి జతచేయండి. ఈ దశలో బాకీ లెక్క తేల్చరు గానీ, మీకు చెప్పుకోవడానికి నిజమైన జవాబు ఉందని, కాలయాపనకు రాలేదని కోర్టుకు కనిపిస్తుంది.

గెలిచినా షరతులు ఉండొచ్చు. ఖర్చులు కట్టమనో, డిక్రీ మొత్తంలో కొంత కోర్టులో జమ చేయమనో అంటారు. సమన్లే సరిగా అందలేదని తేలినప్పుడు భారీ డిపాజిట్ ఎందుకని మీ లాయరు గట్టిగా వాదించాలి. అయితే ఆర్డర్‌లో ఒక తేదీ పెట్టి ఆలోపు కట్టమంటే మాత్రం ఆ తేదీ దాటనివ్వకండి, దాటితే వచ్చిన ఆర్డరే పోతుంది. రూల్ 13 పిటిషన్ కొట్టేస్తే ఆర్డర్ 43 రూల్ 1 కింద పై కోర్టుకు అప్పీలు ఉంది. జిల్లా స్థాయిలో అయితే దానికీ 30 రోజులే.

ఎవరైనా ఇదంతా ఎందుకు, డిక్రీ మీద నేరుగా అప్పీలు వేసేయమని చెప్పొచ్చు. రెండూ వేసే హక్కు మీకుంది. కానీ ఆ అప్పీలును మీరే వెనక్కి తీసుకుంటే తప్ప, మరే రకంగా ముగిసినా రూల్ 13 దారి మూసుకుపోతుంది. మీ బలమంతా అమీను రిపోర్టులో ఉంది, దాన్ని పరీక్షించే చోటు కింది కోర్టే. ముందు అక్కడికే వెళ్లండి. వెళ్లేటప్పుడు అన్నయ్యను కూడా వెంట తీసుకెళ్లి, ఆ రోజు గోడ మీద ఏం చూశారో ఆయన మాటల్లోనే లాయరుగారికి చెప్పించి, ఆయన అఫిడవిట్ కూడా అప్పుడే రాయించండి.